“33 తప్ప”: ఒక కౌన్సిల్ సమావేశాన్ని కాలనీ వాళ్లకు రెండు పేజీల్లో చెప్పిన కేసు

నేపథ్యం

విశాఖలో కొండవాలు మీద సగం, కింద గెడ్డ ఒడ్డున సగం ఉన్న ఒక కాలనీ ఇది. అక్కడి నివాసుల సంఘం అడిగింది చిన్న పనే. నగరపాలక కౌన్సిల్ సమావేశం అయిన ప్రతిసారీ బడ్జెట్ గురించి, పనుల గురించి ఏం తేలిందో రెండు పేజీల్లో రాసిపెట్టాలి. దాన్ని అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల్లో అంటిస్తారు, వాట్సాప్‌లో పంపుతారు. సంఘం పేరు, వార్డు సంఖ్య ఇక్కడ ఇవ్వడం లేదు. మొత్తాలు, అజెండా అంశాల సంఖ్యలు కూడా మార్చాం. నిర్ణయాలు జరిగిన తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాం.

చేతిలో ఉన్న సరుకు రెండు రకాలు. ఒకటి, సమావేశం వీడియో విని ఇద్దరు కుర్రాళ్లు టైపు చేసిన 41 పేజీల రాతప్రతి. రెండోది, 62 అంశాల అజెండా, దాని వెంట సమావేశం రోజునే సభ్యుల బల్లల మీద పెట్టిన 9 అంశాల టేబుల్ అజెండా. సంతకాలైన మినిట్స్ అప్పటికి రాలేదు. అవి వచ్చేదాకా ఆగితే కాలనీ వాళ్లకు ఆసక్తి పోతుంది. రాకముందే రాస్తే తప్పు పోయే ప్రమాదం. రాయాలనే అనుకున్నాం, కాకపోతే మొదటి పేజీ మీద “మినిట్స్ రాకముందు, అజెండా, సభలో మాటల ఆధారంగా రాసినది” అని అచ్చు వేయాలన్నది షరతు. ఆ ఒక్క వరుస తర్వాత మమ్మల్ని రెండుసార్లు కాపాడింది.

మొదటి ప్రయత్నం, అది ఎలా బెడిసికొట్టింది

మొదటిసారి రాతప్రతిని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుకుంటూ, ముఖ్యం అనిపించింది ఎత్తి రాశారు. ఎవరైనా మొదట చేసేది ఇదే. పుస్తకాన్నో ప్రసంగాన్నో కుదించాలంటే ఈ పద్ధతి సరిపోతుంది. కౌన్సిల్ సమావేశానికి సరిపోదు, ఎందుకంటే అక్కడ ఎక్కువసేపు మాట్లాడిన దానికీ ఎక్కువ డబ్బు పోయిన దానికీ పొత్తు ఉండదు. జీరో అవర్‌లో వీధి కుక్కల మీద, చెత్త బండ్ల మీద జరిగిన వాదన రాతప్రతిలో పదకొండు పేజీలు. అది అజెండాలోనే లేదు, దాని మీద తీర్మానమూ లేదు. ఆరు కోట్లకు పైబడిన టెండర్ల ఆమోదం మాత్రం ఒకటిన్నర వరుసలో అయిపోయింది. సారాంశంలోనూ అదే తూకం దిగింది: ఒక పేజీ రగడ, మిగతా పేజీలో అంతా.

అసలు దెబ్బ రక్షణ గోడ దగ్గర తగిలింది. సారాంశంలో ఇలా ఉంది: “మన కొండవాలు రక్షణ గోడకు 1.85 కోట్లు మంజూరు.” ఆ కాగితం పట్టుకుని సంఘం పెద్దాయన వార్డు ఇంజినీర్ దగ్గరికి వెళ్లారు. “ఆ మొత్తం ఎక్కడిది మాస్టారూ? నా దగ్గరున్న ఎస్టిమేట్ అంత లేదు” అన్నాడాయన. అదే సాయంత్రం కింది వీధిలో ఒకావిడ అడిగింది: “బాబూ, గోడ సంగతి రాశారు గానీ, మన గెడ్డ పని ఏటైంది?” సారాంశంలో గెడ్డ మాటే లేదు.

రెండు తప్పులూ రాతప్రతిలో ఒకే చోట పుట్టాయి. అక్కడ జరిగిన మాట ఇది:

> సభ్యుడు: మొత్తం గోడకి ఒకటి ఎనభై ఐదు అవుతాదండి. ఇప్పుడు పెట్టింది సగానికే. మిగతాది కూడా కలిపి శాంక్షన్ చెయ్యాల.
> అధికారి: రెండో దశకి ఎస్టిమేట్ వేస్తున్నాం సార్. వచ్చే కౌన్సిల్‌కి పెడతాం.
> అధ్యక్షస్థానం: సరే, చేద్దాం. నెక్స్ట్.

మొదటిసారి రాసినవారు “ఒకటి ఎనభై ఐదు”ను, “సరే, చేద్దాం”ను కలిపి ఒక మంజూరు తయారుచేశారు. అజెండా తెరిస్తే 27వ అంశం ఇలా ఉంది: కొండవాలు ప్రాంతంలో రక్షణ గోడ నిర్మాణం, మొదటి దశ, అంచనా విలువ రూ.84.60 లక్షలు, సాధారణ నిధుల నుంచి, పరిపాలనా ఆమోదం కొరకు. అంటే కౌన్సిల్ ముందున్నది 84.60 లక్షలే. 1.85 కోట్లు సభ్యుడు చెప్పిన లెక్క. “సరే, చేద్దాం” అన్నది రెండో దశను వచ్చే సభకు తెస్తామన్న మాటకు తలూపడమే తప్ప తీర్మానం కాదు.

మరి 27వ అంశం మీద తీర్మానం ఏది? ఆ పేజీలో లేదు. ఆరు పేజీల తర్వాత, రెండు వేరే వాదనలు ముగిశాక, అధ్యక్షస్థానం నుంచి ఒక్క వాక్యం వచ్చింది: “21 నుంచి 40 వరకు, 33 తప్ప, ఆమోదం.” గోడకు ఆమోదం దొరికింది అక్కడే. గెడ్డ పూడికతీత, పక్క గోడల పని ఆగిపోయిందీ అక్కడే. 33వ అంశం అదే. దాని మీద సభలో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకే చర్చ వెంట నడిచిన సారాంశానికి అది కనిపించలేదు.

గెడ్డ కనిపించకపోవడానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది. టైపు చేసినవాళ్లలో ఒకరు ఉత్తరాంధ్ర మనిషి కాదు. మనం వాన నీరు పారే వాగును గెడ్డ అంటామని తెలియక, ఇతర చోట్ల వచ్చిన ఆ మాటను “గడ్డ” అని కొట్టాడు. రాతప్రతిలో గెడ్డ అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. అప్పటి నుంచి టైపు మొదలెట్టకముందే పది పన్నెండు మాటల పట్టీ చేతికిస్తున్నాం: గెడ్డ, కల్వర్టు, యూజీడీ, కాలనీల పేర్లు, వార్డులోని వీధుల వాడుక పేర్లు.

రెండో ప్రయత్నం

కాలు కాలినవాడు రెండో వైపుకు గెంతుతాడు. ఈసారి చర్చ మొత్తం తీసేశారు. అజెండాలోని 71 అంశాలనూ వరుసగా పట్టికలో పెట్టి, పక్కన మొత్తం, పక్కన “ఆమోదం” లేదా “వాయిదా”. ఆ వరుసల్లో వాస్తవంగా తప్పు లేదు. అయినా ఎవరూ చదవలేదు. చదివిన కొద్దిమందీ అడిగిన ప్రశ్న ఒకటే: “ఆమోదం అంటే పని ఎప్పుడు మొదలవుతుంది?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. పరిపాలనా ఆమోదం వచ్చిందంటే ఆ పని ఆ మొత్తంలో చేపట్టవచ్చని పాలకవర్గం ఒప్పుకుందని మాత్రమే. ఆ తర్వాత ఇంజినీరింగ్ వైపు నుంచి సాంకేతిక ఆమోదం రావాలి. టెండర్ పిలవాలి, టెండర్ ఖరారు కావాలి, ఒప్పందం మీద సంతకాలు కావాలి. అప్పుడు గానీ పార దిగదు. “మంజూరు” అనే ఒక్క మాట ఈ మెట్లన్నిటినీ కప్పేస్తుంది. ఒకే పని ఏడాదిలో రెండు మూడుసార్లు కౌన్సిల్ ముందుకో స్థాయీ సంఘం ముందుకో రావచ్చు, ప్రతిసారీ ఒక మెట్టు కోసం. ప్రతిసారీ “మంజూరు” అని రాస్తే, అదే గోడకు మూడుసార్లు డబ్బు వచ్చినట్టు జనం అనుకుంటారు. రెండో ప్రయత్నంలో ఇంకో నష్టం కూడా జరిగింది: రెండో దశను వచ్చే సభకు పెడతామని అధికారి చెప్పిన మాట పట్టికలో ఎక్కడా ఇమడలేదు, పోయింది. కాలనీకి అన్నిటికంటే పనికొచ్చే ముక్క అదే.

పట్టిక కింద మేము గర్వంగా వేసిన మొత్తం మాత్రం తప్పే. అజెండాలో కనిపించిన రూపాయలన్నీ కూడి “ఈ సమావేశంలో 23.40 కోట్లకు ఆమోదం” అని రాశారు. తర్వాత విడదీసి చూస్తే అందులో కొత్త పనులకు పరిపాలనా ఆమోదం 9.10 కోట్లు. గతంలోనే ఆమోదం పొందిన పనుల టెండర్ల ఖరారు 6.85 కోట్లు. అత్యవసరమని ముందే చేసేసి ఇప్పుడు ధ్రువీకరణకు, అంటే ర్యాటిఫికేషన్‌కు పెట్టినవి 4.25 కోట్లు. మిగతా 3.20 కోట్లు ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కొనసాగింపు, నిర్వహణ ఒప్పందాల పొడిగింపు. ఈ నాలుగూ ఒక గంపలో వేయకూడదు. టెండర్ల మొత్తం పాత సమావేశంలో ఒకసారి లెక్కకొచ్చేసింది. ధ్రువీకరణ మొత్తం ఇప్పటికే ఖర్చయిన లేదా పని జరిగిపోయిన డబ్బు. కొత్తగా ఏ పనులు ఒప్పుకున్నారు అని అడిగిన మనిషికి జవాబు 9.10 కోట్లు. ఏటేటా పడే ఖర్చు ఎంత అంటే 3.20 కోట్లు. 23.40 ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

పనిచేసిన పద్ధతి

మూడోసారి వెన్నెముకను మార్చాం. రాతప్రతి కాదు, అజెండా వెన్నెముక. రాతప్రతి తెరవకముందే ఒక స్ప్రెడ్‌షీట్‌లో 71 వరుసలు వేసుకున్నాం. ఒక్కో వరుసలో అంశం సంఖ్య, పని పేరు, చోటు, అజెండాలో ఉన్న మొత్తం, ఏ నిధి, కౌన్సిల్‌ను అడిగినదేమిటి అన్న ఆరు గళ్లు. చివరిది ముఖ్యం. ప్రతి అంశం చివర “పరిపాలనా ఆమోదం కొరకు”, “టెండరు ఆమోదం కొరకు”, “ధ్రువీకరణ కొరకు”, “గడువు పొడిగింపు కొరకు” అంటూ ఒక ముక్క ఉంటుంది. అడగనిదాన్ని కౌన్సిల్ ఇచ్చిందని రాయకుండా ఈ గడి ఆపుతుంది.

ఆ తర్వాత రాతప్రతిని చదవలేదు, వెతికాం. తప్ప, మినహా, వరకు, వాయిదా, పక్కన పెట్ట, పాస్, ఆమోదం, తిరస్క అనే మాటలు ఒక్కొక్కటి వెతికి, అవి అధ్యక్షస్థానం నుంచి వచ్చినవైతేనే రంగు వేశాం. సభ్యుడు “పాస్ చెయ్యండి” అంటే అది కోరిక. అధ్యక్షస్థానం “పాస్” అంటే తీర్పు. రాతప్రతిలో ఎవరి మాటో పేరు లేకుండా ఉన్న చోట వీడియోలో ఆ నిమిషానికి వెళ్లి చూశాం. 41 పేజీల్లో ఇలాంటి తీర్పు వాక్యాలు దొరికినవి 19 మాత్రమే. 71 అంశాల్లో నాలుగు తప్ప అన్నిటి తలరాత ఆ 19 వాక్యాల్లోనే ఉంది. “21 నుంచి 40 వరకు” లాంటి వాక్యం దొరికినప్పుడు ముందు మినహాయింపుల వరుసల్లో గుర్తు పెట్టి, ఆ తర్వాతే మిగతా వాటికి ఆమోదం నింపాం. వరస మారిస్తే చెయ్యి ఆగదు, 33కు కూడా ఆమోదం పడిపోతుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, ఒకసారి పడింది.

ఏ వాక్యం కిందికీ రాని ఆ నాలుగు అంశాలకు “సభలో తీర్పు వినపడలేదు, మినిట్స్ చూడాలి” అని రాశాం. ఆమోదం పొందే ఉంటాయని అనుకోవడం సులువు, చాలాసార్లు నిజం కూడా. అయినా రాయలేదు.

అప్పుడు మూడో విడత. ఈసారి రాతప్రతి పూర్తిగా చదివారు, కానీ మూడే మూడు సంగతుల కోసం: అధికారి ఇచ్చిన మాట, ఆమోదానికి తగిలించిన షరతు, అసమ్మతి నమోదు చేయమన్న సభ్యుల మాట. వీటిని ఆయా అంశాల వరుస చివర చేర్చాం. మిగతా చర్చ ఎంత రంజుగా ఉన్నా వదిలేశాం. జీరో అవర్‌కు ఒక్క వాక్యం దక్కింది: వీధి కుక్కలు, చెత్త సేకరణపై చర్చ జరిగింది, తీర్మానం లేదు.

అంకెల విషయంలో ఒకే నియమం. నోటితో చెప్పిన అంకె అజెండాలో కనిపిస్తేనే మామూలుగా రాయాలి, లేకపోతే చెప్పినవారి లెక్కగా రాయాలి. సభలో “ఎనభై నాలుగు అరవై” అంటారు. లక్షలా, కోట్లా అనరు, అక్కడున్న అందరికీ తెలుసు కనుక. “రెండు యాభై” అంటే రెండున్నర కోట్లు కావచ్చు, రెండున్నర లక్షలూ కావచ్చు. పని పేరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కల్వర్టు రెండున్నర లక్షల్లో రాదు. అయినా ఊహతో కామా పెట్టకూడదు. వార్డు సంఖ్యదీ ఇదే తిప్పలు. నగరంలో 72 వార్డులు ఉన్న కాలం నాటి సంఖ్యనే ఇంకా చెప్పే పెద్దవాళ్లున్నారు, 2021 ఎన్నికల నాటికి అవి 98 అయ్యాయి. అందుకే పాఠకుల కాగితంలో వార్డు సంఖ్య పక్కన వీధి పేరు తప్పనిసరి.

టెండర్ అంశాలకు మాత్రం చిన్న వివరణ రాయక తప్పలేదు. ఒక సీసీ రోడ్డు పనికి గతంలో ఆమోదించిన అంచనా 46 లక్షలు. ఇప్పుడు టెండర్ 33.25 లక్షలకు ఖరారు. చదివినవాళ్లు వెంటనే అడిగారు, మిగతా 12.75 లక్షలు ఏమైపోయాయని. ఎవరూ తినలేదు. 46 లక్షల అంచనాలో జీఎస్టీ, కార్మిక సెస్సు లాంటివి కలిసి ఉన్నాయి. టెండర్ పిలిచేది ఆ పైవి తీసేసిన పని విలువ మీద, దాన్నే ఈసీవీ అంటారు. ఇక్కడ అది 38 లక్షలు. గుత్తేదారు “లెస్ 12.5 శాతం” వేశాడు, అంటే 38 లక్షల్లో 4.75 లక్షలు తగ్గించి 33.25. పన్నులు దీని మీద మళ్లీ పడతాయి. కాబట్టి 46ను 33.25తో పోల్చి ఆదా అంతా అని రాసినా, గల్లంతు అని రాసినా తప్పే. పోల్చదగినవి 38, 33.25. కాలనీ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది: లెస్ మరీ ఎక్కువగా ఉంటే పని నాణ్యత మీద కన్నేసి ఉంచాలి. అది సారాంశంలో రాయలేదు. మా అభిప్రాయం అక్కడ పెట్టే చోటు కాదు.

బడ్జెట్ సంగతి ఆ సమావేశంలో ఒక్క అంశమే, పద్దు మార్పు. ఒక పద్దులో మిగిలిన 1.40 కోట్లను వీధి దీపాల నిర్వహణ పద్దుకు మళ్లించారు. మొదటి సారాంశంలో “వీధి దీపాలకు అదనంగా 1.40 కోట్లు” అని మాత్రమే ఉంది. నిజమే, కానీ సగం. ఇచ్చిన పద్దు పేరు లేకుండా తీసుకున్న పద్దు పేరు రాయకూడదు. ఆ డబ్బు పార్కుల నిర్వహణ నుంచి వచ్చింది, కాలనీ పార్కుకు గేటు అడుగుతున్నవాళ్లకు కావలసింది ఆ సగమే. ఏటా జరిగే బడ్జెట్ సమావేశానికైతే దీనికి తోడు మరో జాగ్రత్త కావాలి. పక్కపక్కన మూడు గళ్లుంటాయి: గతేడాది వాస్తవాలు, ఈ ఏడాది సవరించిన అంచనాలు, వచ్చే ఏడాది అంచనాలు. కొత్త అంచనాను పాత అంచనాతో కాక, సవరించిన అంచనాతో పోల్చాలి. ఈ ఏడాదికి పది వేసి, సవరణలో నాలుగుకు దించి, వచ్చే ఏడాదికి మళ్లీ పది వేసిన పద్దు అంచనాల వరుసలో కదలకుండా కనిపిస్తుంది.

చివరికి పాఠకుల చేతికి వెళ్లింది

రెండు పేజీల్లో మొదటి సగం పేజీ మన వార్డు. ఆ తర్వాత నగరమంతటికీ సంబంధించిన పనుల్లో మనల్ని తాకేవి, ఆపై డబ్బు నాలుగు రకాలుగా విడదీసి, చివర “వచ్చే సభలో చూడాల్సినవి”. క్రియాపదాలు ఐదే వాడాం: పని చేపట్టడానికి ఒప్పుకున్నారు, టెండర్ ఖరారు చేశారు, జరిగిపోయిన పనిని ధ్రువీకరించారు, వాయిదా వేశారు, తిరస్కరించారు. మంజూరు అనే మాటను పూర్తిగా మానేశాం. గోడ గురించిన వరుసలు ఇలా మారాయి:

“కొండవాలు రక్షణ గోడ, మొదటి దశ (అంశం 27): రూ.84.60 లక్షలతో చేపట్టడానికి ఒప్పుకున్నారు. టెండర్ ఇంకా పిలవలేదు. మొత్తం గోడకు 1.85 కోట్లు కావాలన్నది సభ్యుడి లెక్క. రెండో దశ అంచనాను వచ్చే సభకు తెస్తామని అధికారి చెప్పారు.

గెడ్డ పూడికతీత, పక్క గోడలు, 640 మీటర్లు (అంశం 33): వాయిదా. కారణం సభలో చెప్పలేదు.”

రెండో వరుస వెళ్లిన మర్నాడే సంఘం వాళ్లు కారణం కోరుతూ 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టారు. 30 రోజుల గడువు ముగిసేలోపే తర్వాతి సమావేశం అజెండా వచ్చేసింది. అందులో 33వ అంశం ఏదో నీటి ట్యాంకర్ల బిల్లు. అంశాల సంఖ్యలు ప్రతి సభకూ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, వాటిని పట్టుకుని వెతికితే దొరకదు. మా షీట్‌లో పని పేరు, చోటుతో వెతికితే గెడ్డ 12వ అంశంగా తేలింది. పొడవు 640 నుంచి 410 మీటర్లకు తగ్గింది. మిగతా 230 మీటర్లను పెద్ద డ్రైనేజీ పథకంలో కలిపినట్టు అజెండా నోట్‌లోనే ఉంది. ఈసారి కాగితంలో అచ్చయిన వరుస: “గెడ్డ పని (పాత 33, ఇప్పుడు 12): 410 మీటర్లు చేపట్టడానికి ఒప్పుకున్నారు. కల్వర్టు దిగువన ఉన్న 230 మీటర్లు ఇందులో లేవు.” కింది వీధి ఆవిడ ఇల్లు ఆ 230 మీటర్ల పక్కనే.